హోలోగ్రామ్ అసలుదే, టోనర్ మాత్రం నకిలీ

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాల రాక పెరిగే రోజుల్లో అడ్తి దుకాణాల్లోని ప్రింటర్లకు తీరిక ఉండదు. రైతు చేతికిచ్చే తక్‌పట్టీ, లారీ వెంట వెళ్లే బిల్లు, రోజు చివర తీసే లెక్క అన్నీ ఆ చిన్న లేజర్ ప్రింటర్ నుంచే రావాలి. హన్మకొండలో ప్రింటర్ల మరమ్మతు చేసే నా దగ్గరకు ఒక అడ్తి దుకాణం గుమాస్తా అలాంటి రోజుల్లోనే ఒక పెద్ద అట్టపెట్టె మోసుకొని వచ్చాడు. సీజన్ మొదలవక ముందే ఒకేచోట ఎనిమిది టోనర్ కార్ట్రిడ్జ్‌లు కొన్నారు. ఎనిమిదీ తీసుకుంటే ఒక్కొక్కటి మామూలు ధరలో మూడో వంతు తగ్గించి ఇస్తానని అమ్మినతను చెప్పాడట. మొదటిది చక్కగా పనిచేసింది. రెండోది వేసిన నాటి నుంచి కాగితమంతా బూడిద పూసినట్టు మసకగా వస్తోంది, బొటనవేలితో రుద్దితే అక్షరం చెరిగిపోతోంది. మూడోది రెండు రీములైనా పూర్తికాకుండానే ఖాళీ అయింది. మిగిలిన అయిదూ విప్పలేదు.

"అన్నా, డబ్బా సీల్ నా చేతులతోనే కోసిన. హోలోగ్రామ్ గూడ మెరుస్తాంది. గిది నకిలీ ఎట్లయితది?" అని అతను అడిగాడు.

ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం. అతని తర్కంలో తప్పేమీ లేదు, కాని అది సగం దూరమే వెళ్తుంది. డబ్బా మీది హోలోగ్రామ్ అసలుదైతే ఆ డబ్బా అసలుదని మాత్రమే తేలుతుంది. అందులోని సరుకు గురించి అది ఏమీ చెప్పదు. చిప్ సంగతీ అంతే, లేబుల్ సంగతీ అంతే. ఎవరి సాక్ష్యం వారి వరకే చెల్లుతుంది. మూడింటినీ విడివిడిగా విచారించి, ఒకదాని మాటకు మరొకదాని మాట పొసగుతుందో లేదో చూసినప్పుడే నిజం బయటపడుతుంది. ఆ రోజు మేము చేసింది అదే.

ముందుగా మాటల్లో తేడా స్పష్టం చేసుకోవాలి, ఎందుకంటే మన బజారులో నాలుగు రకాల సరుకునూ కలిపి "టోనర్" అనే పిలుస్తాం. ప్రింటర్ కంపెనీ స్వయంగా తయారు చేయించి తన పేరుతో అమ్మేది ఒరిజినల్. వేరే తయారీదారు తన సొంత పేరుతో, ఫలానా ప్రింటర్‌కు సరిపోతుందని చెప్పి అమ్మేది కంపాటిబుల్. వాడేసిన కార్ట్రిడ్జ్‌లో అచ్చుకు వాడే టోనర్ పొడి నింపి, రీఫిల్ చేశామని చెప్పి ఇచ్చేది రీఫిల్. ఈ మూడూ న్యాయమైన వ్యాపారాలే, ఎవరి అవసరానికి తగ్గది వారు కొనుక్కుంటారు. నాలుగోది మాత్రం మోసం: కంపాటిబుల్ సరుకునో రీఫిల్ సరుకునో ఒరిజినల్ డబ్బాలో, ఒరిజినల్ పేరుతో, దాదాపు ఒరిజినల్ ధరకు అమ్మడం. నకిలీ అన్నప్పుడు నేను చెప్పేది ఈ నాలుగో దాని గురించే. ఇందులో మళ్లీ రెండు దారులున్నాయి. డబ్బా, స్టిక్కరు, కార్ట్రిడ్జ్ అన్నీ దొంగగా తయారు చేయడం ఒక దారి. వాడి పారేసిన నిజమైన డబ్బాలనూ నిజమైన ఖాళీ కార్ట్రిడ్జ్‌లనూ సేకరించి, పొడి నింపి, డబ్బాను మళ్లీ అతికించడం రెండో దారి. గుమాస్తా ప్రశ్న పుట్టింది ఈ రెండో దారి నుంచే.

దుకాణంలోని ప్రింటర్ హెచ్‌పీ పి1108. దానికి సరిపడే కార్ట్రిడ్జ్ 88ఎ. దీనికి కంపెనీ చెప్పే సామర్థ్యం 1,500 పేజీలు, అంటే మూడు రీములు. అయితే పేజీ మొత్తంలో సుమారు 5 శాతం మేర మాత్రమే నలుపు పడే మామూలు ఉత్తరం లాంటి పేజీని దృష్టిలో ఉంచుకొని చెప్పే లెక్క ఇది. తక్‌పట్టీ పైభాగంలో దేవుడి బొమ్మ, లావుపాటి అక్షరాల్లో దుకాణం పేరు, చుట్టూ గడులు ఉంటే పొడి ఎక్కువ ఖర్చవుతుంది. కాబట్టి రెండు రీముల లోపే అయిపోయిందన్న ఒక్క కారణంతో దాన్ని నకిలీ అని తేల్చలేం. అవే తక్‌పట్టీలు తీసిన మొదటి కార్ట్రిడ్జ్ ఎన్ని రీములు ఇచ్చిందని అడిగాను. రెండున్నరకు పైనే వచ్చిందన్నాడు. ఒకే ప్రింటరు, ఒకే రకం కాగితం, ఒకే నమూనా పేజీ; అయినా ఫలితం అంత తేడాగా ఉందంటే ఇక పరిశీలించాల్సిందే. అదృష్టం కొద్దీ వాడేసిన మూడింటి డబ్బాలు కూడా పారేయలేదు, వాటిలో రబ్బరు స్టాంపులు దాచుకుంటున్నారు. అవి కూడా తెప్పించి ఎనిమిది డబ్బాలనూ బల్ల మీద వరుసగా పెట్టాం.

మొదటి సాక్షి హోలోగ్రామ్. హెచ్‌పీ డబ్బా మీద అతికించే భద్రతా స్టిక్కరులో ఓకే అనే అక్షరాలూ సరైనదని సూచించే టిక్కు గుర్తూ ఉంటాయి. డబ్బాను మెల్లగా వాల్చినప్పుడు ఇవి కదులుతాయి. ఒక దిశలో వాలిస్తే అక్షరాలు ఒక వైపు, టిక్కు దానికి ఎదురు వైపు జరుగుతాయి. డబ్బాను అడ్డంగా తిప్పి ఇంకో దిశలో వాలిస్తే రెండూ కలిసి ఒకే వైపు జరుగుతాయి. మెరవడం, రంగులు మారడం వేరు, ఇలా కదలడం వేరు. చాలామంది పొరబడేది ఇక్కడే. పెళ్లి కార్డుల మీద, పిల్లల స్టిక్కర్ల మీద కనిపించే మామూలు వెండి రేకుకు కూడా వెలుతురు పడగానే ఇంద్రధనుస్సు రంగులు వస్తాయి. అటువంటి రేకును ఎవరైనా చవకగా తయారు చేయించుకోవచ్చు. బొమ్మ మీద రంగు పారాడుతున్నా ఆ బొమ్మ మాత్రం ఉన్నచోటే ఉంటే అది మెరిసే రేకు మాత్రమే. అసలు స్టిక్కరులో రేకు మీద కంటికి ఆనని సూక్ష్మ ఆకృతులను చెక్కి, చూసే కోణం మారినకొద్దీ బొమ్మే జరిగినట్టు కనిపించేలా చేస్తారు. దాన్ని స్కాన్ చేసి అచ్చువేస్తే రూపం వస్తుంది, కదలిక రాదు.

దీన్ని చూడటానికి ట్యూబ్‌లైట్ కంటే ఒకే చోటు నుంచి వచ్చే వెలుతురు మేలు. కిటికీ దగ్గర నిలబడి కాని, ఫోన్ టార్చ్‌ను మూరెడు దూరంలో పట్టుకొని కాని డబ్బాను కొద్దికొద్దిగా వాల్చాలి. గబగబా ఊపితే కదిలిందో మెరిసిందో కన్ను పోల్చుకోలేదు. మా ఎనిమిదింటిలో ఆరింటి మీద ఓకే, టిక్కు చెప్పినట్టే జరిగాయి. రెండింటి మీద రంగులు మాత్రం మారాయి, గుర్తులు కదలలేదు. ఆ రెండింటిలో ఒకటి రెండు రీములు కూడా ఇవ్వని మూడో కార్ట్రిడ్జ్ డబ్బా, రెండోది ఇంకా విప్పనిది.

కదలని ఆ రెండు డబ్బాలను పక్కపక్కన పెట్టగానే ఇంకో సంగతి బయటపడింది. డబ్బా డబ్బాకూ మారాల్సిన వరుస సంఖ్య రెండింటి మీదా ఒక్కటే. దొంగగా అచ్చువేసేవాడు ఒక డబ్బాను నమూనాగా తీసుకొని దాని బొమ్మనే వందల సార్లు ముద్రిస్తాడు, కాబట్టి దాని మీది సంఖ్య కూడా వందల డబ్బాల మీదకు పాకుతుంది. ఒక్క డబ్బానే కొన్నవారికి ఈ ఆధారం దొరకదు. రెండు మూడు కలిపి కొన్నవారు మాత్రం ఆ సంఖ్యలను తప్పకుండా పోల్చి చూడాలి. భూతద్దం కూడా అవసరం లేని పరీక్ష ఇది.

స్టిక్కరు మీది క్యూఆర్ కోడ్ గురించి ఒక హెచ్చరిక. ఫోన్‌తో స్కాన్ చేస్తే అది మిమ్మల్ని ఒక వెబ్ పేజీకి తీసుకెళ్లి, స్టిక్కరు సరైనదే అని చెప్పవచ్చు. కాని దొంగ కోడ్ దొంగ పేజీకే తీసుకెళ్తుంది, ఆ పేజీ కూడా పచ్చని టిక్కు చూపిస్తుంది. అందుకే స్కాన్ చేశాక ఫోన్‌లో తెరుచుకున్న చిరునామా కంపెనీదేనా అని అక్షరం అక్షరం చదవాలి. అనుమానం ఉంటే hp.com/go/anticounterfeit అని మీ వేళ్లతోనే టైప్ చేసి, అక్కడ చూపించే ప్రస్తుత స్టిక్కరు నమూనాతో పోల్చుకోవాలి. కంపెనీలు ఈ స్టిక్కర్ల రూపాన్ని అప్పుడప్పుడు మారుస్తుంటాయి. పాత నిల్వలో పాత రూపం ఉన్నంత మాత్రాన అది నకిలీ కాదు.

ఇప్పుడు ఆరు డబ్బాల హోలోగ్రామ్ అసలుదని తేలింది. గుమాస్తా ముఖంలో కొంత ఊరట కనిపించింది. అయితే మసక ముద్రణ ఇచ్చిన రెండో కార్ట్రిడ్జ్ డబ్బా కూడా ఈ ఆరింటిలోనే ఉంది. స్టిక్కరు డబ్బా పక్క భాగంలో ఉండి, డబ్బాను విప్పేది ఇంకో చివర నుంచి అయితే, ఎన్నిసార్లు విప్పి మూసినా స్టిక్కరు చెక్కుచెదరదు. ఆఫీసుల నుంచి ఖాళీ డబ్బాలు చిత్తుకాగితాల లెక్కన బయటికి పోతాయి. మనం పాత కాగితంగా అమ్మిన ఆ అట్టపెట్టె నకిలీ వ్యాపారికి అచ్చువేయలేని హోలోగ్రామ్‌ను ఉచితంగా అందించినట్టవుతుంది.

కాబట్టి డబ్బా విషయంలో హోలోగ్రామ్‌తో ఆగకుండా మూత అతుకును చూడాలి. ఫ్యాక్టరీలో మూతను యంత్రం వేడి జిగురుతో అతికిస్తుంది. ఆ జిగురు సమాన దూరంలో, సమాన మందంలో చుక్కలుగా కాని గీతలుగా కాని పడుతుంది. ఒకసారి విప్పిన మూతను మళ్లీ అతికిస్తే, పాత జిగురు ఊడినచోట అట్ట పై పొర చిరిగి నూగు లేస్తుంది, కొత్త జిగురు దాని పక్కకు పాకుతుంది, మడత అంచు తెల్లబడి మెత్తగా అవుతుంది. విప్పని నాలుగు డబ్బాల చివరలను వేలి గోరుతో తడిమి చూశాం. ఒకదాని అంచు గట్టిగా, నునుపుగా ఉంది. మూడింటి అంచుల్లో మడత మెత్తబడి, లోపలి నుంచి పారదర్శకమైన జిగురు కొద్దిగా బయటికి ఉబికి ఉంది. రెండో కార్ట్రిడ్జ్ డబ్బా ఒక చివర గుమాస్తా కోసింది, రెండో చివర ఇలా మళ్లీ అతికించింది. అతను సీల్ కోసిన మాట నిజమే, కాని డబ్బా అంతకుముందే అవతలి వైపు నుంచి విప్పారు.

ఇక చిప్. 88ఎ కార్ట్రిడ్జ్ ఒక పక్క చివర గోరంత చిన్న పచ్చని పలక ఉంటుంది, దాని మీద బంగారు రంగులో రెండు చిన్న మెత్తలు మెరుస్తుంటాయి. కార్ట్రిడ్జ్‌ను ప్రింటర్‌లో పెట్టగానే లోపలి స్ప్రింగ్ తీగలు ఈ మెత్తలను తాకి చిప్‌లోని సమాచారం చదువుతాయి. తీగ జారుతూ వచ్చి ఆనుతుంది కాబట్టి, పెట్టిన ప్రతిసారీ మెత్త మీద సన్నని గీత పడుతుంది. వాడిన కార్ట్రిడ్జ్‌లో ఈ గీతలు ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా కనిపిస్తాయి. కొత్తదని చెప్పి ఇచ్చిన కార్ట్రిడ్జ్ సంచి కోసిన క్షణంలోనే మెత్తల మీద అటువంటి గీతలున్నాయంటే, అది అంతకుముందే ఏదో ప్రింటర్‌లో కాపురం చేసి వచ్చింది. ఫ్యాక్టరీ పరీక్షలో సూది మొనతో తాకిన చిన్న చుక్క ఎక్కడైనా ఉండవచ్చు. చుక్క వేరు, జారిన గీత వేరు. అందుకే చిప్‌ను చూడాల్సింది ప్రింటర్‌లో పెట్టకముందే. ఒకసారి పెట్టి తీశాక ఆ గీత మనదో పాతదో చెప్పడం ఎవరి వల్లా కాదు.

అతుకు మారిన మూడు డబ్బాల్లో ఒకదాన్ని అతని అనుమతితో విప్పాం. విప్పుతున్నదంతా అతని ఫోన్‌లో వీడియో తీయించాను. లోపలి సంచి అంచు తిన్నగా కాక కొద్దిగా వంకరగా కాలి అతుక్కుంది, సంచి మూలలో చిటికెడు నల్ల పొడి రాలి ఉంది. కొత్త కార్ట్రిడ్జ్‌లో పొడి గది నోటికి ఒక సీలు పట్టీ ఉంటుంది, దాన్ని లాగి తీసిన తర్వాతే పొడి కదులుతుంది. దీనికి ఆ పట్టీ లేదు. కార్ట్రిడ్జ్‌ను కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే రెండు మెత్తల మీదా మూడేసి సన్నని గీతలు స్పష్టంగా ఉన్నాయి. అచ్చయ్యే పేజీ బొమ్మ ముందుగా ఏర్పడే గొట్టం లాంటి డ్రమ్ మీది మూత తెరవకుండానే ఇదంతా చూడవచ్చు, తెరవకూడదు కూడా. డ్రమ్‌కు వెలుతురు ఎక్కువసేపు తగిలితే అసలు సరుకైనా పాడవుతుంది.

ఈ చిప్ అసలుదే. పాత కార్ట్రిడ్జ్ అసలుది కాబట్టి దాని చిప్ కూడా అసలుదే. కాని అది పాత లెక్కను మోస్తున్న చిప్. తెర ఉన్న ప్రింటర్లలో ఈ పరిస్థితి చాలాసార్లు వెంటనే బయటపడుతుంది. ప్రింటర్ Used Supply In Use వంటి మాట చూపించవచ్చు. మెనూ ఉన్న లేజర్ ప్రింటర్లలో Supplies Status పేజీ తీస్తే, కార్ట్రిడ్జ్ సంఖ్య, దానితో ఇప్పటికి అచ్చయిన పేజీలు, కొన్నింటిలో First Install Date అనే మొదటిసారి అమర్చిన తేదీ కూడా కనిపిస్తాయి. ఈ రోజు కొత్తగా విప్పిన దానికి నిరుటి తేదీ కనిపిస్తే ఇక వాదించాల్సిన పని లేదు. పి1108కు తెర లేదు, అది వెలిగించే చిన్న దీపాలు ఈ కథ చెప్పలేవు. చిన్న దుకాణాల్లో, మీసేవ కేంద్రాల్లో ఎక్కువగా ఉండేవి ఇలాంటి తెర లేని యంత్రాలే కాబట్టి, అక్కడ కంటితో చూసే గీతలే పనికొస్తాయి.

హోలోగ్రామ్ కదలని రెండు డబ్బాల వ్యవహారం దీనికి పూర్తిగా తిరగబడింది. విప్పనిదాన్ని విప్పి చూస్తే చిప్ మెత్తలు తళతళలాడుతున్నాయి, ఒక్క గీత లేదు. గీతలే కొలమానమని నమ్మితే దీన్ని కొత్తదని ఒప్పుకోవాలి. ఒక విధంగా అది కొత్తదే, కొత్తగా తయారైన నకలు చిప్. తేడా అది కూర్చున్న తీరులో ఉంది. ఫ్యాక్టరీ కార్ట్రిడ్జ్‌లో చిప్ కోసం ప్లాస్టిక్‌లోనే గాడి పోస్తారు, పలక అందులో అంచులు సమానంగా ఒదిగి ఉంటుంది. ఇక్కడ పలక కొద్దిగా ఒక పక్కకు ఒరిగింది, దాని కింది నుంచి పసుపుపచ్చ జిగురు బయటికి వచ్చి గడ్డకట్టింది, గాడి అంచున ఏదో సన్నని పనిముట్టుతో పెకిలించిన గాటు ఉంది. నకలు చిప్‌తో ఇంకో తలనొప్పి ఉంది. ప్రింటర్ సాఫ్ట్‌వేర్ నవీకరణ జరిగాక కొన్ని యంత్రాలు నకలు చిప్‌లను గుర్తించడం మానేస్తాయి, నిన్నటిదాకా నడిచింది ఈ రోజు ఆగిపోతుంది. అలా ఆగినప్పుడు చాలామంది ప్రింటర్ పాడైందనుకొని నా దగ్గరకు తెస్తారు.

చిప్ పరీక్షకు ఉన్న పెద్ద పరిమితి ఏమిటంటే, అసలు చిప్పే లేని కార్ట్రిడ్జ్‌లు ఇంకా విరివిగా అమ్ముడవుతున్నాయి. మన జిరాక్సు దుకాణాల్లో ఏళ్ల తరబడి నడుస్తున్న లేజర్‌జెట్ 1020కు వాడే 12ఎ అటువంటిదే. దానికి 2,000 పేజీల సామర్థ్యం చెబుతారు, కాని చిప్ ఉండదు కాబట్టి లోపల ఏది పెట్టినా ప్రింటర్ మాట్లాడదు. నకిలీలకు అది అనుకూలమైన సరుకు. 12ఎ కొనేవారికి డబ్బా, లేబుల్ మాత్రమే దిక్కు.

ఆ లేబుల్ దగ్గరికే వద్దాం. నాకు అన్నింటికంటే ఎక్కువగా నచ్చే సాక్షి ఇదే, ఎందుకంటే అచ్చు పని తెలిసిన కంటికి ఇది దాదాపు ఏదీ దాచలేదు. బంగారు పని చేసేవారు కంటికి ఆనించుకొనే పది రెట్ల భూతద్దం ఒకటి చాలు. అది లేకపోతే ఫోన్ కెమెరాను బాగా దగ్గరగా పెట్టి తీసిన ఫోటోను పెద్దది చేసి చూసినా కొంతవరకు పని జరుగుతుంది.

రంగుల ముద్రణలో సాధారణంగా నాలుగు సిరాలు వాడతారు: నీలం, గులాబి, పసుపు, నలుపు. మిగతా రంగులన్నీ వీటి చిన్న చుక్కల కలయికతో కంటిని నమ్మిస్తాయి. అయితే డబ్బా మీద ఆవగింజంత అక్షరాలతో ఉండే హెచ్చరికలను అలా చుక్కలతో కలపరు, నల్ల సిరా ఒక్కదానితోనే అచ్చువేస్తారు. భూతద్దంలో ఆ అక్షరం అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది, లోపల నిండుగా నలుపు ఉంటుంది. కంపెనీ గుర్తుకు వాడే ప్రత్యేక రంగును కూడా చాలాసార్లు ముందే కలిపి సిద్ధం చేసిన సిరాతో వేస్తారు కాబట్టి, అందులోనూ చుక్కలు కనిపించవు.

నకిలీ అచ్చువేసేవాడి దగ్గర కంపెనీ అసలు ఫైలు ఉండదు. అతను ఒక డబ్బాను స్కాన్ చేసుకుంటాడు. స్కానర్‌కు అక్షరం తెలియదు, బొమ్మ మాత్రమే తెలుసు. అది నల్ల అక్షరాన్ని కూడా ఒక ఫోటో లాగానే పట్టుకుంటుంది. దాన్ని మళ్లీ అచ్చువేసినప్పుడు ఆ నలుపు నాలుగు సిరాల చుక్కలుగా విడిపోతుంది. భూతద్దంలో చూస్తే అక్షరం చుట్టూ గులాబి, నీలి అంచు గాజుపొర లాగా కనిపిస్తుంది, సన్నని అక్షరాల కడుపులు పూడుకుపోతాయి. బొమ్మలున్న చోట అసలు ముద్రణలోని చుక్కల మీద కొత్త చుక్కలు పడి, చీర మీద చీర పరిచి చూసినప్పుడు తేలే అలల్లాంటి చారలు వస్తాయి. మా రెండు డబ్బాల మీదా హెచ్చరికల పేరాను చూసినప్పుడు సరిగ్గా ఇదే కనిపించింది. అసలు డబ్బా మీద చక్కగా చదవగలిగిన అక్షరాలు దీని మీద చిన్న చీమలు గుమిగూడినట్టు ఉన్నాయి. నేను ఏమీ చెప్పకుండా రెండు డబ్బాలనూ భూతద్దాన్నీ గుమాస్తా చేతికిచ్చాను. అరనిమిషం చూసి, "గీ అచ్చరాల సుట్టూ రంగు పారింది గదన్నా" అని తనే అన్నాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. డబ్బా రంగు ఒక పిసరు ముదురుగానో లేతగానో ఉందని నకిలీ అనుకోకూడదు. ఒకే కంపెనీ డబ్బాలు వేర్వేరు ముద్రణాలయాల్లో, వేర్వేరు కాలాల్లో అచ్చవుతాయి, రంగు ఛాయ కొంత మారుతుంది. చూడాల్సింది రంగు ఛాయను కాదు, అక్షరం కట్టిన తీరును. అలాగే దీని పరిమితినీ ఒప్పుకోవాలి. ఓపికున్న నకిలీదారు స్కాన్ మీద ఆధారపడకుండా అక్షరాలన్నీ మళ్లీ కూర్చి, మంచి ముద్రణాలయంలో వేయిస్తే భూతద్దం కూడా మోసపోతుంది. అసలు డబ్బాను మళ్లీ వాడినచోట దీనికి పట్టుకోవడానికే ఏమీ ఉండదు.

డబ్బా లేబుల్‌తో పాటు చిన్న తెల్ల స్టిక్కరు ఒకటి చూడాలి. ప్యాకేజీ సరుకుల కోసం 2011లో వచ్చిన తూనికలు కొలతల నిబంధనల ప్రకారం, దిగుమతి సరుకు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, నెల సంవత్సరం, అన్ని పన్నులతో కలిపిన గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదుకు సంప్రదించాల్సిన వివరాలు ఉండాలి. ఆ స్టిక్కరు లేకపోతే సరుకు మన దేశంలో అమ్మకానికి సరైన దారిలో రాలేదని అర్థం. అది విదేశీ మార్కెట్ కోసం చేసిన అసలు సరుకు కూడా కావచ్చు, కాబట్టి నకిలీకి ఇదొక్కటే రుజువు కాదు. అయినా బిల్లు గట్టిగా అడగడానికి ఇది సరిపోయే కారణం. మా రెండు దొంగ డబ్బాల మీద ఈ స్టిక్కరు విడిగా అతికించింది కాదు, డబ్బాతో పాటే అచ్చయింది. స్టిక్కరు అంచు నీడ కూడా అచ్చులోనే ఉంది. స్కాన్ చేసిన డబ్బా మీది స్టిక్కరు బొమ్మ అన్నమాట. గోరుతో గీకితే ఏ అంచూ తగలలేదు.

చివరికి లెక్క ఇలా తేలింది. ఎనిమిదింటిలో రెండు మాత్రమే నిజంగా ఒరిజినల్: మొదట వాడినదీ, అంచు గట్టిగా ఉన్న విప్పనిదీ. నాలుగు అసలు డబ్బాలో రీఫిల్ చేసిన పాత కార్ట్రిడ్జ్‌లు: మసక ముద్రణ ఇచ్చినదీ, మళ్లీ అతికించిన మూడూ. రెండు పూర్తిగా దొంగ సరుకు. హోలోగ్రామ్ ఒక్కటే చూసి ఉంటే ఆరు మంచివని పొరబడేవాళ్లం. చిప్ గీతలు మాత్రమే చూసి ఉంటే పూర్తి దొంగ సరుకు తప్పించుకునేది. లేబుల్ అచ్చు మాత్రమే చూసి ఉంటే రీఫిల్ చేసినవి తప్పించుకునేవి. మంచి సరుకును కొన్ని కలిపి అమ్మడం కూడా ఊరికే జరగలేదని నా అభిప్రాయం. వరుసలో మొదటిది బాగా పనిచేస్తే కొన్నవారు మిగతావాటిని అనుమానించరు, తేడా వచ్చినా ప్రింటర్‌నే తప్పుబడతారు.

ఇంక్ కార్ట్రిడ్జ్‌లకు కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది, చూసే చోటు మాత్రం కొంచెం మారుతుంది. చిన్న ఇంక్‌జెట్‌లలో వాడే, ముద్రణ తల కార్ట్రిడ్జ్‌కే ఉండే రకాల్లో వెనుక వైపు రాగి రంగు పట్టీ మీద అనేక చుక్కలుంటాయి. ప్రింటర్ లోపలి మొనలు నొక్కిన చోట ఆ చుక్కల్లో చిన్న గుంటలు పడతాయి. కొత్తదాని మీద ఆ గుంటలుంటే వాడినదే. పైన ఉన్న లేబుల్ మూల లేచిందేమో, లేచి మళ్లీ అతికిందేమో చూడాలి. సిరంజితో ఇంక్ నింపే రంధ్రాలు ఆ లేబుల్ కిందే ఉంటాయి.

తర్వాత ఏం చేయాలన్నది గుమాస్తా అడిగిన రెండో ప్రశ్న. అమ్మినతను ఇచ్చింది చేతితో రాసిన చీటీ, దాని మీద జీఎస్టీ సంఖ్య లేదు. అయినా డబ్బు ఫోన్‌లో పంపిన రికార్డు ఉంది, విప్పిన వీడియో ఉంది, ఒకే సంఖ్య ఉన్న రెండు డబ్బాలున్నాయి. వీటిలో ఏదీ పారేయవద్దని, దొంగ డబ్బాలను తిరిగి ఇచ్చేటప్పుడు కనీసం ఒకటి తన దగ్గర ఉంచుకోమని చెప్పాను. ఉన్నవన్నీ తిరిగి అప్పగిస్తే ఆధారం కూడా వెళ్లిపోతుంది, ఆ డబ్బాలు రేపు ఇంకో దుకాణం బల్ల మీద తేలతాయి. నకిలీ వ్యాపార చిహ్నంతో సరుకు అమ్మితే 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. వినియోగదారుల సహాయ నంబర్ 1915కు ఎవరైనా ఫోన్ చేయవచ్చు. కాని వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసే ముందు ఒక మెలిక గమనించాలి. 2019 చట్టం ప్రకారం వ్యాపార అవసరానికి కొన్నవారు వినియోగదారు నిర్వచనంలోకి రారు. తన బతుకుతెరువు కోసం స్వయంగా నడుపుకొనే చిన్న జిరాక్సు దుకాణం యజమానికి మినహాయింపు దొరుకుతుంది, గుమాస్తాలతో నడిచే అడ్తి దుకాణానికి దొరకడం కష్టం. వీరికి పోలీసు ఫిర్యాదు, కంపెనీకి నేరుగా సమాచారం ఇవ్వడం, అమ్మినతనితో రుజువులు పెట్టి మాట్లాడటం అనే దారులే మిగులుతాయి.

వారు మూడో దారితోనే మొదలుపెట్టారు. వీడియో, ఒకే సంఖ్య ఉన్న డబ్బాల ఫోటో చూపించాక అమ్మినతను ఆరింటి డబ్బూ వెనక్కి ఇచ్చాడు. వాటిని తను ఎక్కడ కొన్నదీ మాత్రం చెప్పలేదు. ఒక దొంగ డబ్బా ఇప్పటికీ అడ్తి దుకాణం బీరువాలో ఉంది. మసక వచ్చిన కార్ట్రిడ్జ్ వల్ల ప్రింటర్ లోపల రాలిన పొడిని నేను శుభ్రం చేసి ఇచ్చాను. ఖాళీ డబ్బాలను పాత కాగితాలవాడికి వేసే ముందు హోలోగ్రామ్ మీదుగా బ్లేడుతో అడ్డంగా కోయడం ఆ గుమాస్తా అప్పటి నుంచి అలవాటు చేసుకున్నాడు.